యూరిక్ యాసిడ్ పెరిగిందని వే ప్రోటీన్ డబ్బా పడేయకండి, ముందు ప్లేట్ చూడండి

మా జిమ్‌లో ఒక తమ్ముడు ఉన్నాడు, 27 ఏళ్ళు, 82 కేజీలు, ఆరు వారాల్లో 88 నుంచి 82కి దిగాడు, అందరూ శభాష్ అన్నారు. ఒక ఆదివారం పొద్దున లెగ్ డే చేసి, మధ్యాహ్నం చికెన్ లివర్ ఫ్రై, సాయంత్రం ఫ్రెండ్స్‌తో నాలుగు బీర్లు. రాత్రి రెండింటికి కాలి బొటనవేలు మొదట్లో ఎవరో సుత్తితో కొట్టినట్టు లేచి కూర్చున్నాడు. ఎర్రగా ఉబ్బి, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేంత నొప్పి. పొద్దున్నే ఒక క్లినిక్‌కి వెళ్తే యూరిక్ యాసిడ్ తీశారు, 6.4 వచ్చింది, నార్మలే కదా, లెగ్ డేలో బెణికి ఉంటుంది అని క్రేప్ బ్యాండేజ్ కట్టి పంపేశారు. మూడు వారాల తర్వాత మళ్ళీ తీయిస్తే 8.7.

ఆ రిపోర్ట్ చూసి జిమ్‌లో అందరూ ఒకటే మాట, "వే మానేయ్ రా, ఆ పౌడరే చేసింది ఇదంతా". వాడు మానేశాడు. కానీ ప్రోటీన్ తగ్గిపోతుందని భయం కదా, రెండు స్కూపుల బదులు ఇంకో 200 గ్రాముల చికెన్ పెంచాడు. నెల తర్వాత 9.1. అప్పుడు నా దగ్గరికొచ్చాడు, యూరిక్ యాసిడ్ కీళ్ళల్లో పేరుకుని వచ్చే ఈ గౌట్ నాకు ఆరేళ్ళుగా ఉంది కాబట్టి ఈ విషయంలో జిమ్‌లో నేనే సీనియర్ అన్నమాట. నేను డాక్టర్ని కాదు, మందుల సంగతి డాక్టరే చూడాలి, కానీ తిండి లెక్క ఎలా సరిచేసుకోవాలో వాడి కేసుతోనే చెప్తాను.

ముందు రిపోర్ట్ సరిగ్గా తీయించుకోండి

యూరిక్ యాసిడ్ రోజు రోజుకీ మారుతుంది, జిమ్ చేసేవాళ్ళలో ఇంకా ఎక్కువ. హెవీ వర్కౌట్‌లో కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం వేగంగా ఖర్చవుతుంది, అందులో కొంత తిరిగి ఏటీపీ అవ్వకుండా విరిగిపోయి చివరికి యూరిక్ యాసిడ్ అవుతుంది. దానికి తోడు వర్కౌట్‌లో పుట్టే లాక్టేట్, చెమటలో పోయిన నీళ్ళు, ఈ రెండూ కలిసి కిడ్నీ దాన్ని బయటకి పంపే వేగం తగ్గిస్తాయి. అందుకే లెగ్ డే మర్నాడు తీయించి నంబర్ చూసి భయపడటం దండగ. టెస్టుకి ముందు రెండు రోజులు హెవీ వర్కౌట్ వద్దు, ఆల్కహాల్ వద్దు, నీళ్ళు మామూలుగా తాగండి, ఉపవాసాలు క్రాష్ డైట్ మధ్యలో తీయించొద్దు.

దీనికి రివర్స్ కూడా ఉంది, చాలామందికి తెలియదు. గౌట్ ఎటాక్ నడుస్తున్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గి నార్మల్‌గా కనిపించొచ్చు. మా తమ్ముడికి 6.4 వచ్చింది అందుకే. ఎటాక్‌లో నార్మల్ వచ్చిందని గౌట్ కాదు అనుకోవద్దు, నొప్పి తగ్గాక రెండు నుంచి నాలుగు వారాలకి మళ్ళీ తీయించండి.

దాంతోపాటు కిడ్నీ ఎలా పనిచేస్తుందో చూడటానికి క్రియాటినిన్ కూడా తీస్తారు. క్రియాటిన్ పౌడర్ వాడేవాళ్ళకి, కండ ఎక్కువ ఉన్నవాళ్ళకి అది కొంచెం ఎక్కువే చూపిస్తుంది, కిడ్నీ బాగానే ఉన్నా సరే. క్రియాటిన్ వాడుతున్నట్టు డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, అనుమానం ఉంటే సిస్టాటిన్ సీ అని ఇంకో టెస్ట్ ఉంది, దానికి కండతో పెద్దగా సంబంధం లేదు.

నంబర్ పెరగడం వేరు, గౌట్ వేరు

రక్తంలో యూరిక్ యాసిడ్ సుమారు 6.8 దాటితే కరిగి ఉండలేక కీళ్ళల్లో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకునే అవకాశం మొదలవుతుంది. కానీ 7.5, 8 ఉండి కూడా జీవితంలో ఒక్క ఎటాక్ రాని వాళ్ళే ఎక్కువమంది. నొప్పి ఏమీ లేకుండా హెల్త్ చెకప్‌లో 7.4 వచ్చింది అంటే మామూలుగా మందు అక్కర్లేదు, తిండి చూసుకుని మళ్ళీ టెస్ట్ చేయించుకుంటే చాలు.

స్క్వాట్ చేస్తే మోకాలు నొప్పి, రిపోర్ట్‌లో 7.2, ఇదిగో గౌట్ అని తేల్చేసుకునే వాళ్ళని రోజూ చూస్తా. గౌట్ నొప్పి అలా ఉండదు. అకస్మాత్తుగా, తరచూ రాత్రి పూట మొదలై, పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో పీక్‌కి వెళ్తుంది, ఒకే కీలు, ఎక్కువగా బొటనవేలు మొదలు, లేదా చీలమండ, మోకాలు. ఎరుపు, వేడి, వాపు. వారం పది రోజుల్లో ఏమీ చెయ్యకపోయినా తగ్గిపోతుంది, అదే మోసం, తగ్గిపోయింది కదా అని మర్చిపోతాం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, కీలు వాపుతో పాటు చలి జ్వరం ఉంటే గౌట్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళాలి.

ఇప్పుడు ప్లేట్ లెక్క

యూరిక్ యాసిడ్ ప్రోటీన్ నుంచి రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. అది ప్యూరిన్ల నుంచి వస్తుంది, ప్యూరిన్లు ఉండేది కణాల్లోని డీఎన్ఏ, ఆర్ఎన్ఏలో, ఏటీపీలో. అంటే మనం తినే దాంట్లో కణాలు ఎంత దట్టంగా ఉంటే ప్యూరిన్లు అంత ఎక్కువ. లివర్ అంటే కణాలు కిక్కిరిసిన ముద్ద, 100 గ్రాముల చికెన్ లివర్‌లో 300 మిల్లీగ్రాముల పైనే ప్యూరిన్లు ఉంటాయి. నెత్తళ్ళు, కవళ్ళ లాంటి చిన్న చేపలు, అందులోనూ ఎండబెట్టినవి, గ్రాముకి చాలా ఎక్కువ. రొయ్యలు రకాన్ని బట్టి 150 నుంచి 270 దాకా. చికెన్ బ్రెస్ట్ సుమారు 140. మటన్ 95 దగ్గర్లో, అవును మటన్ కంటే చికెన్ బ్రెస్ట్‌లోనే గ్రాముకి ఎక్కువ, "రెడ్ మీట్ కాదుగా, చికెనే కదా" అనే ధైర్యం ఇక్కడ పనిచెయ్యదు.

గుడ్డు చూడండి. ఎంత పెద్ద గుడ్డైనా అందులో అసలు కణం ఒక్కటే, మిగతాదంతా దానికి దాచిన ఆహారం. అందుకే గుడ్డులో ప్యూరిన్లు దాదాపు సున్నా. పాలు కూడా అంతే, పెరుగు, పనీర్ కూడా. మరి వే ప్రోటీన్ ఎక్కడిది? పాల నుంచి పనీర్ తీస్తే మిగిలే తేట నీళ్ళది. అంటే ఆ డబ్బాలో ప్యూరిన్లు లేనట్టే, ప్లేట్‌లో ఉన్న చికెన్‌లోనే ఉన్నాయి.

ఇది ఊరికే లాజిక్ మాత్రమే కాదు. అమెరికాలో 47,150 మంది మగవాళ్ళని 12 ఏళ్ళు గమనించి 2004లో ఒక స్టడీ వచ్చింది, మాంసం, సముద్రపు చేపలు రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్ళకి గౌట్ ఎక్కువ వచ్చింది, పాల పదార్థాలు ఎక్కువ తీసుకున్నవాళ్ళకి తక్కువ వచ్చింది, మొత్తం ప్రోటీన్ ఎంత తిన్నారన్న దానికి మాత్రం సంబంధం కనపడలేదు.

మా తమ్ముడి రోజు ఇలా ఉండేది: పచ్చి బరువులో 600 గ్రాముల చికెన్ బ్రెస్ట్, ఆరు ఎగ్ వైట్లు, రెండు స్కూపుల వే. చికెన్ ఒక్కదాన్నుంచే సుమారు 840 మిల్లీగ్రాముల ప్యూరిన్లు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న వాళ్ళు రోజుకి 400 లోపు ఉండాలని జపాన్ డాక్టర్లు చెప్తారు, వీడు దానికి డబల్ పైన. వే మానేసి చికెన్ 800కి పెంచాక 1,100 దాటింది. ప్రోటీన్ చూస్తే చికెన్ 138, వే 48, వైట్లు 20, కలిపి 200 గ్రాముల పైనే. అంత వాడికి అక్కర్లేదు కూడా, కేజీకి 1.6 గ్రాముల లెక్కన 82 కేజీలకి 131 చాలు.

మార్చింది ఇది. చికెన్ 200 గ్రాములు, ఒక్క పూటే, 46 గ్రాముల ప్రోటీన్. వే రెండు స్కూపులు వెనక్కి వచ్చాయి, 48. మూడు గుడ్లు పచ్చసొనతో సహా, 18. పెరుగు 300 గ్రాములు, 10. మధ్యాహ్నం ఒక కప్పు పప్పు, 9. ఇవే 131 అయ్యాయి, అన్నం రొట్టెల్లోది బోనస్. ప్యూరిన్లు చికెన్ నుంచి 280, పప్పు కూరలు అన్నీ కలిపి ఇంకో 60, 70 వేసుకున్నా 350 దగ్గర ఆగింది. ప్రోటీన్ టార్గెట్ తగ్గలేదు, ప్యూరిన్లు సగానికి కంటే తక్కువకి వచ్చాయి. ఇంతే పని.

ఇంకో చిన్న విషయం, జిమ్ వాళ్ళు చికెన్ ఉడకబెట్టుకుంటారు కదా, ప్యూరిన్లు నీళ్ళల్లో కరుగుతాయి, కొంత ఆ ఉడికిన నీళ్ళల్లోకి వెళ్ళిపోతాయి. ఆ నీళ్ళు పారబోస్తే లాభం, "బలం అంతా ఇందులోనే ఉంది" అని సూప్ చేసుకుని తాగితే లాభం పోయింది. పాయా, బోన్ సూప్ కూడా ఇదే కథ, గంటలు గంటలు మరిగించి మనమే నీళ్ళలోకి దింపుకుంటాం.

పప్పు, పాలకూర, మీల్ మేకర్ సంగతి

ఎవరికి యూరిక్ యాసిడ్ వచ్చినా ఇంట్లో మొదట ఆపేది పప్పు, తర్వాత టమాటా, పాలకూర. చికెన్ మాత్రం అలాగే ఉంటుంది, అదేంటో. పప్పులో ప్యూరిన్లు ఉంటాయి, నిజమే, కానీ ఒక మనిషి కప్పులో పడేది 30, 40 గ్రాముల పొడి పప్పు, మిగతాది నీళ్ళు. పైన చెప్పిన 2004 స్టడీలోనే ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలు తిన్నవాళ్ళకి గౌట్ రిస్క్ పెరగలేదు. పాలకూర పప్పు హాయిగా తినండి. మీల్ మేకర్ అయితే రోజూ 100 గ్రాములు పొడివి నానబెట్టుకుని తినేవాళ్ళున్నారు, అంత వద్దు, 30 గ్రాములు సరిపోతాయి. ఏ కూర తింటే నీకు ఎటాక్ వచ్చిందో నీకు రెండు సార్లు కచ్చితంగా తెలిస్తే అది మానెయ్, అంతేగానీ లిస్టులు పట్టుకుని అన్నీ మానేస్తే చివరికి చికెనే మిగులుతుంది.

ప్యూరిన్లు లేకుండానే పెంచేవి: షుగర్, బీరు

ఫ్రక్టోజ్ వింత. దాంట్లో ప్యూరిన్ అసలు లేదు. కానీ లివర్ దాన్ని పట్టుకోవడానికి ఏటీపీని ఒక్కసారిగా ఖర్చు పెట్టేస్తుంది, ఆ విరిగిన ఏటీపీ ముక్కలు యూరిక్ యాసిడ్ అవుతాయి. మామూలు పంచదారలో సగం ఫ్రక్టోజే. వర్కౌట్ అయ్యాక "నేచురలే కదా" అని పెద్ద గ్లాసు చెరుకు రసం, షుగర్ వేసిన బత్తాయి జ్యూస్, కూల్‌డ్రింక్, ఇవన్నీ దీంట్లోకే వస్తాయి. పండు పండుగా తింటే సమస్య లేదు, ఒక బత్తాయి తింటాం, గ్లాసులో నాలుగు తాగుతాం. మాస్ గెయినర్ డబ్బా మాత్రం తిప్పి చదవండి, కొన్నింట్లో షుగర్ బాగా ఉంటుంది, మొత్తం డబ్బాల్లో నేను అనుమానంగా చూసేది దీన్నే.

బీరు రెండు వైపుల నుంచి కొడుతుంది, ఈస్ట్ వల్ల అందులోనే ప్యూరిన్లు ఉంటాయి, ఆల్కహాల్ వల్ల కిడ్నీ యూరిక్ యాసిడ్‌ని బయటకి పంపడం తగ్గిస్తుంది. విస్కీ కూడా రిస్క్ పెంచుతుంది, బీరు అంత కాదు. "బీరు తాగితే యూరిన్ వస్తుంది కదా అన్న, అంతా కడుక్కుపోతుంది" అన్నాడు మావాడు సీరియస్‌గా. పోయేది నీళ్ళు తమ్ముడూ, యూరిక్ యాసిడ్ కాదు.

మిగతా డబ్బాలు త్వరగా

క్రియాటిన్ ప్యూరిన్ కాదు, యూరిక్ యాసిడ్ పెంచదు, పేరు క్రియాటినిన్‌కి దగ్గరగా ఉందని పాపం మోస్తోంది. బీసీఏఏలో ప్యూరిన్లు లేవు, డబ్బు దండగ అనేది వేరే సంగతి. ప్రీ వర్కౌట్‌లో నియాసిన్, అంటే విటమిన్ బీ3 ఎంతుందో చూడండి, ఎక్కువ డోసులో అది కిడ్నీ దగ్గర యూరిక్ యాసిడ్‌ని ఆపుతుంది, తాగాక మొహం చెవులు ఎర్రబడి వేడెక్కితే చాలాసార్లు అదే కారణం. స్పిరులినా, ఈస్ట్ మాత్రలు ఆరోగ్యం అని మింగుతారు, అవి పూర్తిగా కణాల పొడి, గ్రాముకి లివర్‌ని మించి ప్యూరిన్లు, ఒకటి రెండు మాత్రలతో ఏం కాదు, చెంచాలతో వద్దు. విటమిన్ సీ కొంచెం తగ్గిస్తుంది, కానీ గౌట్ ఉన్నవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా రాదు, ఎక్కువ డోసు కిడ్నీలో రాళ్ళకి దారి. పోటీకి ముందు నీళ్ళు పోవడానికి వాడే డయూరెటిక్ మాత్రలు మాత్రం నిజంగా ప్రమాదం, గౌట్‌కే కాదు గుండెకి కూడా. ఇంట్లో బీపీకి కొందరికి ఇచ్చే ఇలాంటి మాత్రలే యూరిక్ యాసిడ్ పెంచుతాయి, అలా అని సొంతంగా ఆపకండి, డాక్టర్‌తో మాట్లాడండి.

కటింగ్‌లో ఎటాక్ ఎందుకొస్తుంది

బరువు తగ్గితే యూరిక్ యాసిడ్ తగ్గుతుంది, కానీ తగ్గే దారిలో స్పీడు ఎక్కువైతే ముందు పెరుగుతుంది. ఆకలితో ఉన్నప్పుడు, కీటో చేసినప్పుడు కీటోన్లు పుడతాయి, అవీ యూరిక్ యాసిడ్ కిడ్నీలో ఒకే గేటు దగ్గర పోటీ పడతాయి, కీటోన్లు బయటకి పోతుంటే యూరిక్ యాసిడ్ లోపలే ఉండిపోతుంది. మావాడు వారానికి కేజీ చొప్పున దిగాడు, కార్బ్స్ దాదాపు సున్నా, చికెన్ 600, ఆదివారం బీరు లివర్. ఏ ఒక్కదాన్నీ తప్పు పట్టలేం, అన్నీ ఒకే రోజు కలిశాయి. యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్ళు వారానికి అర కేజీ చాలు, అన్నం పూర్తిగా మానొద్దు, నీళ్ళు రెండున్నర మూడు లీటర్లు.

ఎటాక్ వచ్చిన రోజు, ఆ తర్వాత

ఆ కీలుకి రెస్ట్, గుడ్డలో చుట్టిన ఐస్ పదిహేను ఇరవై నిమిషాలు, వీలైనంత తొందరగా డాక్టర్. గౌట్ వాపు తగ్గించే కాల్చిసిన్ గానీ నొప్పి మాత్రలు గానీ మొదటి రోజే మొదలుపెడితే బాగా పనిచేస్తాయి, కానీ కిడ్నీ, అల్సర్ సంగతి చూసి డాక్టరే ఇవ్వాలి, మెడికల్ షాపులో అడిగి రెండు మూడు రకాలు కలిపి వేసుకోవద్దు. వేడి కాపడం, గట్టి మసాజ్ వద్దు. వాపు పూర్తిగా దిగేదాకా కాళ్ళ వర్కౌట్ వద్దు, పై భాగం కూర్చుని చేసుకోవచ్చు.

తిండి ఎంతవరకు పనిచేస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టు. శరీరంలో ఉండే యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడో వంతే తిండి నుంచి వస్తుంది, మిగతాది మన కణాలు తయారు చేసుకున్నదే, గౌట్ వచ్చే వాళ్ళలో ఎక్కువమందికి అసలు సమస్య కిడ్నీ సరిగ్గా బయటకి పంపకపోవడం, అది చాలావరకు జీన్స్. తిండి ఎంత స్ట్రిక్ట్‌గా మార్చినా సాధారణంగా ఒక పాయింట్ అటూ ఇటూ దిగుతుంది. మావాడికి తిండితో పాటు క్రాష్ డైట్, బీరు కూడా ఆగాయి కాబట్టి మూడు నెలల్లో 9.1 నుంచి 7.5కి వచ్చింది. బాగుంది, కానీ 6.8 పైనే.

సంక్రాంతికి ఊరెళ్ళాడు, నాటుకోడి, రొయ్యల వేపుడు, మందు, మూడు రోజులు, నాలుగో రోజు రాత్రి రెండో ఎటాక్. ఏడాదిలో రెండు వస్తే రోజూ వేసుకునే మందు గురించి డాక్టర్లు మాట్లాడతారు. వాడికి అల్లోప్యూరినాల్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా 300 దాకా పెంచారు, టార్గెట్ 6 లోపు. మొదటి నెలల్లో పాత స్ఫటికాలు కరుగుతూ కదిలి ఎటాక్‌లు వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి తోడుగా తక్కువ డోసు కాల్చిసిన్ ఇచ్చారు. ఇక్కడే చాలామంది "మందు వేసుకున్నాకే ఎక్కువైంది" అని ఆపేస్తారు, ఆపితే మళ్ళీ మొదటికే. ఒక్క సందర్భంలో మాత్రం వెంటనే ఆపి హాస్పిటల్‌కి పరిగెత్తాలి, ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు వస్తే.

ఇప్పుడు వాడికి 5.6. చికెన్ ఇంకా ఒక పూటే, వే రెండు స్కూపులు, పండక్కి నాటుకోడి ఒక రోజు తింటాడు కానీ ఆ రోజు బీరు ముట్టడు. క్లినిక్‌లో కట్టిన ఆ క్రేప్ బ్యాండేజ్ లాకర్‌లో పెట్టుకున్నాడు, డెడ్‌లిఫ్ట్ రోజు మణికట్టుకి చుట్టుకుంటున్నాడు.